మాటల్లేకుండా వచ్చిన మెయిల్

ఏప్రిల్ మొదటి శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర. భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వాట్సాప్‌లో ఏదో పంపాడు. తెరిస్తే ఆఫీసు మెయిల్ స్క్రీన్‌షాట్. పైన 'మామయ్యా' అనే పిలుపు లేదు, కింద ఒక్క ముక్క లేదు. పంపి ఊరుకున్నాడు.

ఇలాంటివి నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లు పద్దుల విభాగంలో పనిచేసి, ఉత్తరాలు రాసీ రాయించీ రిటైరైనవాణ్ణి. ఇంగ్లిషు మెయిలొస్తే చుట్టాల్లో సగం మంది నాకు తోసేస్తారు. బావగారు ఇన్సూరెన్సు వాళ్ల మెయిల్ పంపుతారు, ఎదురింటి అమ్మాయి తన హెచ్ఆర్ వాళ్ల మెయిల్ పంపుతుంది. ఏం కావాలో మాత్రం ఎవరూ చెప్పరు. మందుల చీటీ కౌంటరు మీద పెట్టి షాపువాడి మొహంలోకి చూసినట్టు చూస్తారు, అంతే.

ఇన్నేళ్లలో గమనించిందేమిటంటే, అలా మూగగా వచ్చే మెయిల్ వెనక ఉండేవి మూడే ప్రశ్నలు. ఇందులో ఏముందో క్లుప్తంగా చెప్పమనడం ఒకటి. దీనికి జవాబు రాసిపెట్టమనడం ఇంకొకటి. మూడోది, ఎక్కువమంది నోటితో అడగలేనిది: వీళ్లకి నా మీద కోపమొచ్చిందా?

ఏది అడుగుతున్నారో ఆ బొమ్మలోనే చాలావరకు తెలిసిపోతుంది. ఒకే మెయిల్ మూడు నాలుగు ముక్కలుగా వస్తే సారాంశం కావాలని. బావగారు పంపేవన్నీ ఆ బాపతే, ఒక్కోసారి పేజీలు వెనకాముందూ అవుతాయి కూడా. మెయిల్ చిన్నదై చివర ప్రశ్నార్థకం ఉంటే జవాబు కోసం. ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత చుట్టి ఉన్నా, ఎవరెవరికి నకలు వెళ్లిందో తెలిపే పై వరస కనబడేలా ప్రత్యేకంగా తీసినా అది భయం. పని కోసం తీసే స్క్రీన్‌షాట్‌లో ఆ పేర్ల వరస ఎవరికీ అక్కర్లేదు.

మా వాడు పంపిన దాంట్లో పేర్ల వరస నిండుగా ఉంది. ఫోన్లో మామూలుగా అది ముడుచుకుని ఉంటుంది, పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితేగానీ విచ్చుకోదు. అంటే వీడు దాన్ని నొక్కి, విప్పి, అప్పుడు ఫొటో తీశాడు. ఆ వరసలో వాళ్ల మేనేజరు పేరుంది. సంగతి అక్కడే అర్థమైంది.

మెయిల్ పంపినావిడ అమెరికాలో, క్లయింటు కంపెనీలో ఫైనాన్స్ చూసే మనిషి. మా వాడి టీము వాళ్లకి ప్రతినెలా సరఫరాదారుల చెల్లింపుల రిపోర్టు తయారుచేసి పంపుతుంది. మెయిల్ మొత్తం ఆరు వాక్యాలు. 'హాయ్' అని వీడి పేరు, ఆ తర్వాత 'ఫాలోయింగ్ అప్ ఆన్ దిస్'. మార్చి ఫైలు మొత్తానికీ లెడ్జరు మొత్తానికీ ఇంకా 18,420 డాలర్ల తేడా ఉందన్నారు. 'ఐ స్టిల్ డోంట్ సీ ఎ రివర్టెడ్ ఫైల్' అన్నారు. 'కుడ్ యూ హెల్ప్ మీ అండర్‌స్టాండ్ వేర్ వి ఆర్?' అని అడిగారు. సరైన ఫైలు మంగళవారం ఈఓడీ లోపు కావాలి, కాల్‌లో మాట్లాడుకోవడం తేలికనుకుంటే తాను సిద్ధం అన్నారు. చివర థాంక్స్, ఆవిడ పేరు.

ఫోన్ చేశాను.

"ఏరా, ఏమైంది?"

"చూశావుగా మామయ్యా. మేనేజర్ని సీసీలో పెట్టింది. 'నువ్వింకా జవాబివ్వలేదు' అని అందరి ముందూ అంటోంది. చాలా సీరియస్ అయింది కదూ?"

"అవన్నీ తర్వాత. 18,420లో సగమెంత?"

కాసేపు అటువైపు చప్పుడు లేదు. "9,210. ఎందుకు?"

"మార్చిలో 9,210 డాలర్ల ఎంట్రీ ఏదన్నా ఉందేమో చూసి చెప్పు."

పద్దులు రాసినవాళ్లకి ఇది పాత చిట్కా. రెండు మొత్తాలు కలవనప్పుడు ముందు తేడాని సగం చేసి చూస్తారు. తీసెయ్యాల్సిన అంకెను పొరపాటున కలిపితే తేడా ఆ అంకెకు సరిగ్గా రెట్టింపు వస్తుంది. తేడాని 9 నిశ్శేషంగా భాగిస్తే అది ఇంకో రకం తప్పు: 540ని 450గా రాసినట్టు పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయి. 18,420ని 9 భాగించదు. అందుకే సగం అడిగాను.

ఇక్కడ చిట్కా కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ మెయిల్లో ఆవిడ రాసిన వాటిలో గట్టి సమాచారం ఆ ఒక్క అంకే. మా వాడు మెయిల్‌ని పదిసార్లు చదివి ఉంటాడు. చదివిన ప్రతిసారీ ఆవిడ గొంతు కోసం వెతికాడు తప్ప అంకె దగ్గర ఆగలేదు. ఎవరి మెయిల్ చేతికొచ్చినా నేను ముందు మూడు విషయాలకి గీత గీస్తాను: ఏం కావాలంటున్నారు, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి. ఇక్కడ కావలసింది సరైన ఫైలు, చెయ్యాల్సింది మా వాడు, గడువు మంగళవారం. కోపమా కాదా అన్నది ఆ తర్వాతి సంగతి. పని ఏమిటో తేలితే సగం కోపాలు వాటంతటవే కరిగిపోతాయి. మిగిలిన సగం నిజం కోపాలు, వాటికీ మందు ఆ పని చెయ్యడమే.

వాడు లాప్‌టాప్ తెరిచాడు. ఈలోగా నేను ఆ బొమ్మ వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక మాట పంటికింద రాయిలా తగులుతోంది. 'రివర్టెడ్ ఫైల్'. జవాబివ్వలేదని ఎత్తిపొడవాలనుకునే అమెరికా మనిషి ఆ మాట రాయదు. పైగా ఆవిడ రివర్టెడ్ అన్నది ఫైలుని, మనిషిని కాదు.

స్క్రీన్‌షాట్‌తో వచ్చే పెద్ద చిక్కే ఇది. చూపించేది ఒక్క తెర. మెయిల్ అనేది మాత్రం ఒక్కటిగా పుట్టదు, దాని వెనక గొలుసుంటుంది. పాత మెయిళ్లు కింద మూడు చుక్కల వెనక దాక్కుంటాయి. జోడించిన ఫైలు తెరకి కిందెక్కడో ఉండిపోతుంది. ఫోన్ తేదీ బదులు ఒక్కోసారి 'నిన్న' అని చూపిస్తుంది, ఆ బొమ్మని నాలుగు రోజులాగి చూసేవాడికి ఏ నిన్నో తెలియదు. సబ్జెక్టు ముందు 'ఆర్ఈ' అని ఉందంటే, ఫాలోయింగ్ అప్ అన్నారంటే, వెనక కథ ఉన్నట్టే. ఆ కథ చూడకుండా ధోరణి గురించి తీర్పు చెప్పడం తీగ వదిలేసి ఆకుని చూసి కాయ ఏదో చెప్పడమే.

"మంగళవారం నడిచిన మెయిళ్లు చదివి వినిపించు," అన్నాను.

మంగళవారం ఆవిడ అడిగింది ఇది: తేడా వస్తోంది, రద్దయిన చెల్లింపులు మైనస్ గుర్తుతోనే పడ్డాయా? దానికి వీడి జవాబు ఒకటే వాక్యం: 'విల్ చెక్ అండ్ రివర్ట్ బై టుమారో.'

మన ఆఫీసుల్లో 'రివర్ట్' అంటే జవాబివ్వడం. 'చూసి రివర్ట్ అవుతాను' అని రోజూ అనుకుంటాం. అమెరికాలో ఆ మాటకి ఆ అర్థం వాడుకలో లేదు. అక్కడ రివర్ట్ అంటే వెనక్కి మళ్లించడం, ఉన్నదాన్ని పాత రూపానికి తేవడం. అంతెందుకు, మా వాడు రోజూ చేసే సాఫ్ట్‌వేర్ పనిలోనే ఆ మాటకి ఆ అర్థమే ఉంది. చేసిన మార్పుని రద్దుచేసే కమాండే `git revert`. కోడ్ రాసేటప్పుడు ఒక అర్థంలో, మెయిల్ రాసేటప్పుడు ఇంకో అర్థంలో వాడుతున్నామని వాడికి ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుని చూడండి. రద్దయిన చెల్లింపుల గురించి అడిగారు. 'చూసి, రేపటికల్లా వెనక్కి మళ్లిస్తాను' అని జవాబొచ్చింది. మంచిది, పాత ఫైలు పెడతాడన్నమాట అనుకున్నారు. బుధవారం చూశారు, గురువారం చూశారు, ఫైలు మారలేదు. శుక్రవారం పొద్దున్నే రాశారు: వెనక్కి మళ్లించిన ఫైలు నాకింకా కనబడలేదు, మనం ఎక్కడున్నామో కాస్త అర్థమయ్యేలా చెబుతారా? దెప్పిపొడుపు అని వాడు హడలిపోయిన ఆ వాక్యం నిజంగా ప్రశ్నే. ఆవిడకి అర్థం కాలేదు, అందుకే అడిగారు.

మెయిల్లో గొంతు పట్టుకోవడం ఎంత కష్టమో పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ఒక మనస్తత్వ శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించారు. కొన్ని వాక్యాలు మామూలుగా, కొన్ని వెటకారంగా చెప్పించి, కొందరికి గొంతుతో వినిపించారు, కొందరికి మెయిల్లో పంపించారు. ఏది వెటకారమో ఏది కాదో అవతలివాళ్లు పోల్చుకోవాలి. ఏ దారిలో పంపినా నూటికి 78 సార్లు పోల్చుకుంటారని పంపినవాళ్లు అనుకున్నారు. గొంతు విన్నవాళ్లు ఆ అంచనాకి దగ్గరగానే వచ్చారు. మెయిల్ చదివినవాళ్లు నూటికి 56. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది కదా. రాసేవాడి చెవిలో తన గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి అది కాగితం మీదకీ వచ్చేసిందనుకుంటాడు.

2008లో క్రిస్టిన్ బైరన్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యురాలు ఇంకో మెట్టు ఎక్కారు. ఆవిడ వాదన ప్రకారం సంతోషంగా రాసిన మెయిల్ చదివేవాడికి మామూలుగా కనబడుతుంది, మామూలుగా రాసింది కటువుగా కనబడుతుంది. అంటే మెయిల్ దారిలో ఒక మెట్టు చల్లబడుతుంది. నా అనుభవంలోనూ అంతే. అందుకే ఎవరి మెయిల్ చదివినా నేను ఒక మెట్టు పైకి లెక్కేసుకుంటాను. రాసేటప్పుడు ఒక మెట్టు ఎక్కువ వెచ్చగా రాస్తాను.

తెలుగువాళ్లకి దీనిమీద ఇంకో బరువు పడుతుంది. మన మర్యాద విడిమాటల్లో ఉండదు, క్రియకి అంటుకుని ఉంటుంది. 'చూడండి' అంటే చాలు, ఆ 'అండి'లో గౌరవం వచ్చేసింది. పేరు వెనక 'గారు' ఉంటుంది. 'కాస్త', 'కొంచెం', 'ఓసారి' అని మెత్తదనం చేరుస్తాం. 'దయచేసి' అని ఇంట్లో ఎవరంటారు? అది రైల్వే స్టేషన్ మైకులో వినబడే మాట. ఇంగ్లిషు మెయిల్లో ఈ 'అండి' కోసం, 'గారు' కోసం మనకి తెలియకుండానే వెతుకుతాం. అవి ఉండవు. 'హాయ్' అని ఒట్టి పేరు పెట్టి పిలిచేసరికి చిన్నబుచ్చినట్టు అనిపిస్తుంది. వాళ్ల మర్యాద వేరేచోట ఉంటుంది. 'చెప్పు' అనకుండా 'కుడ్ యూ' అనడంలో ఉంది. 'నాకు అర్థమయ్యేలా సాయం చెయ్యి' అని లోటు తన మీద వేసుకోవడంలో ఉంది. 'కాల్ తేలికైతే సరే' అని ఎంపిక మనకి వదిలెయ్యడంలో ఉంది. మా వాడికొచ్చిన మెయిల్లో ఇవి మూడూ ఉన్నాయి. అవి చూడ్డం రాక, లేని 'గారు' కోసం వెతికాడు.

ఇదే తిరకాసు రెండో వైపు నుంచీ ఉంది. మనం మర్యాదనుకుని రాసే 'కైండ్లీ' వాళ్ల చెవికి నోటీసు బోర్డులా వినబడుతుంది. 'ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్' ఒకప్పుడు ఇంగ్లండు ఆఫీసుల్లో తిరిగిన మాటే. అక్కడ పాతబడి వాడుక తగ్గిపోయింది, మన దగ్గర కలెక్టరేటు నుంచి కాల్ సెంటరు దాకా ఇప్పటికీ బతికుంది. దానితో వచ్చే చిక్కు మర్యాదది కాదు, అందులో పని పేరు లేకపోవడం. 'చెయ్యవలసినది చెయ్యండి' అంటే ఏం చెయ్యాలి?

సరే, సీసీ సంగతి. అది కార్బన్ కాపీ. టైపు మిషన్లో రెండు కాగితాల మధ్య నీలం కార్బన్ పెట్టి కొట్టిన రోజుల్లోని పేరు ఇప్పటికీ అతుక్కుని ఉంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఉత్తరం అడుగున 'నకలు: సమాచార నిమిత్తం' అని పై అధికారి పేరుంటే, ఉత్తరం అందుకున్నవాడికి ఆ రోజు అన్నం సహించేది కాదు. సమాచార నిమిత్తం అని రాసినా అది ఫిర్యాదు నిమిత్తమే అని అందరికీ తెలుసు. ఆ భయం మన ఇళ్లలో తండ్రుల నుంచి కొడుకులకి వచ్చింది. కానీ మెయిల్లో సీసీ అన్నిసార్లూ ఫిర్యాదు కాదు. నెలాఖరు లెక్కలు ముయ్యాలి, గడువు దగ్గరపడింది, ఒకవేళ ఈ కుర్రాడు సెలవులో ఉంటే ఇంకెవరైనా చూస్తారని కూడా మేనేజర్ని కలుపుతారు.

ఫిర్యాదుగా కలిపారో, పని కోసం కలిపారో చెప్పడానికి నేను చూసేవి కొన్ని ఉన్నాయి. పాత తేదీలన్నీ వరసగా ఏకరువు పెట్టారా? ఫలానా రోజు అడిగాను, మళ్లీ ఫలానా రోజు అడిగాను, జవాబు లేదు అని రికార్డు కడుతున్నారంటే అది మీకోసం రాసిన మెయిల్ కాదు, మీ పై మనిషి చదవడానికి రాసింది. ప్రశ్నలు పోయి ప్రకటనలు మిగిలాయా? కాల్ చేద్దామనే మాట మాయమైందా? రోజూ చిన్న పేరుతో ముగించే మనిషి ఉన్నట్టుండి పూర్తి పేరూ హోదాతో సంతకం చేశారా? వీటిలో ఒకటుంటే పట్టించుకోను. రెండు మూడు కలిసి కనబడితే మటుకు అది కోపమే, దాన్ని కాదని సర్ది చెప్పడం అడిగినవాడికి అపకారం. మా వాడి మెయిల్లో వీటిలో ఒక్కటీ లేదు.

పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. "దొరికింది మామయ్యా. 9,210 చెల్లింపు ఒకటి రద్దయింది. మా ఫైల్లో మైనస్ పడలేదు, ప్లస్‌లో పడింది." గొంతు మారింది. అంతవరకూ భయపడ్డవాడు ఇప్పుడు జవాబు ఎలా రాయాలని అడిగాడు. అసలు అడగాల్సిన ప్రశ్నకి గంటన్నర తర్వాత వచ్చాడన్నమాట.

ముందు గడువు లెక్క చూసుకున్నాం. ఈఓడీ అంటే రోజు ముగిసేలోగా అని. ఎవరి రోజు? మా వాడు మంగళవారం సాయంత్రం ఆరనుకున్నాడు. ఆవిడ ఉండేది అమెరికా తూర్పు తీరంలో. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఏప్రిల్లో మనకీ వాళ్లకీ తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. వాళ్ల మంగళవారం సాయంత్రం ఐదంటే మనకి బుధవారం తెల్లవారుజామున రెండున్నర. వాడనుకున్న దానికన్నా ఎనిమిదిన్నర గంటలు ఎక్కువే ఉంది. అయినా జవాబులో ఈఓడీ అని రాయవద్దన్నాను. రోజు, గంట, ఎవరి గంటో కూడా రాయాలి. తేదీ రాస్తే నెల పేరు అక్షరాల్లో ఉండాలి. 07/04 అని రాస్తే మనకి ఏప్రిల్ ఏడు, ఆవిడకి జులై నాలుగు.

తర్వాత వాడు రాసిన మొదటి చిత్తు వినిపించాడు. 'అసౌకర్యానికి చింతిస్తున్నాను' అని మొదలైంది, క్వార్టర్ ఎండ్ ఒత్తిడి గురించి రెండు వాక్యాలు, సిస్టం మెల్లగా ఉందని ఒకటి, అసలు విషయం ఐదో వాక్యంలో. కొట్టెయ్యమన్నాను. ఆవిడ ఒక ప్రశ్న అడిగారు: ఎక్కడున్నాం? మొదటి వాక్యం ఆ ప్రశ్నకి జవాబు కావాలి. చివరికి ఐదు వాక్యాలు మిగిలాయి. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: 'తేడా ఎక్కడొచ్చిందో దొరికింది, రద్దయిన 9,210 డాలర్ల చెల్లింపు ఒకటి తీసెయ్యడానికి బదులు కలిసింది. సరిచేసి, ఇంకొకరి చేత సరిచూపించి, కొత్త ఫైలు సోమవారం మీ మధ్యాహ్నం 12 గంటల లోపు పంపుతాను. మంగళవారం నేను రివర్ట్ అన్నది జవాబిస్తాను అనే అర్థంలో, ఫైలు మారుస్తానని కాదు. ఆ మాట వల్ల మీరు మూడు రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది, సారీ. కాల్ అవసరం రాదనుకుంటున్నాను, కావాలంటే సోమవారం మీ పొద్దున్న తొమ్మిదికి నేను ఉంటాను.'

క్షమాపణ ఉంది, కానీ దేనికో చెప్పి ఉంది. అసౌకర్యానికి చింతించడం బస్టాండులో మైకు పని. ఒకవేళ తప్పు అప్పటికి దొరక్కపోయి ఉంటే? అప్పుడూ మొదటి వాక్యం అదే చోట ఉండాలి: 'ఇంకా దొరకలేదు, రద్దయిన చెల్లింపుల దగ్గర వెతుకుతున్నాం, సోమవారం మీ పొద్దున్నకి ఏ సంగతీ చెబుతాను.' తెలియదని చెప్పినా పరవాలేదు, మళ్లీ ఎప్పుడు చెబుతామో చెప్పాలి.

జవాబు అందరికీ వెళ్లేలా పంపమన్నాను. మేనేజర్ని వరసలోంచి తీసేసి ఆవిడకొక్కదానికే రాస్తే దాస్తున్నట్టుంటుంది. ముందు మేనేజరుకి ఫోన్లో రెండు ముక్కలు చెప్పమన్నాను, మెయిల్ చూసి ఆయన ఉలిక్కిపడకుండా. ఇంకోటి, చిత్తు రాసేటప్పుడు చిరునామా గడి ఖాళీగా ఉంచుకోవాలి. వేలు తగిలితే సగం రాసిన మెయిల్ సముద్రం దాటేస్తుంది.

అన్నీ అయ్యాక, అసలు మొదట చెప్పాల్సింది చివర చెప్పాను. "ఒరేయ్, ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపకూడదురా."

అందులో ఆవిడ పూర్తి పేరు, కంపెనీ పేరు, సంతకం కింద ఫోన్ నంబరు, లెక్కల్లో తేడా ఎంతో అన్నీ ఉన్నాయి. క్లయింటు ఖాతాల్లో తప్పుందని బయటి మనిషికి లిఖితపూర్వకంగా చెప్పినట్టే. ఆ బొమ్మ నా ఫోన్ గ్యాలరీలోకి తనంతట తానే దిగిపోయింది, అక్కడినుంచి ఇంటిల్లిపాదీ చూసే క్లౌడు ఆల్బంలోకి ఎక్కి ఉంటుంది. వాట్సాప్‌లో 'అందరికీ తీసెయ్' నొక్కినా, ఐఫోన్లో ఫొటోల్లోకి ముందే చేరిన కాపీ ఉండిపోవచ్చు. సాయం కావాలంటే మెయిల్‌ని ఫోన్లో చదివి వినిపించవచ్చు, లేదా పేర్లూ అంకెలూ మార్చి నాలుగు వాక్యాలు టైప్ చేసి పంపవచ్చు.

పేర్ల మీద నలుపు పూసి పంపుతానంటారు కొందరు. ఏ బ్రష్షుతో పూశారన్నది ముఖ్యం. ఫోన్లో ఉండే హైలైటర్ బ్రష్షు నల్లగా కనబడినా పారదర్శకమే. బొమ్మ వెలుతురు పెంచితే కింది అక్షరాలు తేలి వస్తాయి. గట్టి రంగు బ్రష్షో, నిండు నల్ల పెట్టెో వాడాలి. కత్తిరించినా ధైర్యం లేదనిపించిన సంఘటన 2023 మార్చిలో బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్ కత్తిరించే పనిముట్టు, పాత ఫైలు మీద కొత్తది రాసేటప్పుడు మిగిలిన తోకని తుడవకుండా వదిలేస్తోందని సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు కనిపెట్టారు. కత్తిరించి పారేశామనుకున్న భాగాన్ని కొంతమేర తిరిగి రాబట్టగలిగారు. అలాంటి లోపమే విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ కనబడింది. రెండింటినీ సరిచేశారు, కానీ అంతకుముందు పంపిన బొమ్మలు ఎవరి దగ్గర ఉన్నవి వాళ్ల దగ్గర అలాగే ఉన్నాయి.

వాడు బొమ్మ తీసేశాడు, నా వైపు నేనూ తీసేశాను. సోమవారం రాత్రి తొమ్మిదింటికి, అంటే చెప్పిన గడువుకి అరగంట ముందు, ఫైలు వెళ్లింది. పది నిమిషాల్లో ఆవిడ జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: 'గాట్ ఇట్, థాంక్స్.'

ఎలా తెలుసంటే, దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపాడు. పేరు మీద, ఫోన్ నంబరు మీద నిండు నల్ల పెట్టెలున్నాయి. కింద మాట మాత్రం లేదు.